వేలికంటిన తెలుపు

మేము ముగ్గురం. కొండాపూర్ మండలంలో ఒకే తండాలో పుట్టి పెరిగినవాళ్లం. ఇద్దరం పాశమైలారం వైపు కంపెనీల్లో కాంట్రాక్టు పనికి పోతాం, ఒకరం పటాన్‌చెరులో ఒక గోదాములో లెక్కలు రాస్తాం. షిఫ్టులు వేరు కాబట్టి ముగ్గురం కలిసేది ఆదివారమే. కలిసినప్పుడు చేసే పని ఒకటుంది. వారంలో రాసిన వంద మాటల నవ్వు కథలు ఒకరికొకరం చదువుకుంటాం.

వంద మాటలే ఎందుకంటే, మాకు దొరికే సమయం అంతే. కంపెనీ బస్సులో సీటు దొరికితే ఫోనులో నాలుగు వాక్యాలు రాసుకుంటాం. దొరక్కపోతే కడ్డీ పట్టుకుని మనసులోనే రాసుకుంటాం. పెద్ద కథ మనసులో నిలవదు. వంద మాటలైతే దిగేదాకా నిలుస్తుంది.

ఈ కొలత మేము కనిపెట్టింది కాదు. ఇంగ్లీషులో సరిగ్గా వంద మాటల కథను డ్రాబుల్ అంటారు. 1980లలో బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం సైన్స్ ఫిక్షన్ సంఘం వాళ్లు ఈ లెక్క ఖాయం చేశారు. ఆ పేరును మాంటీ పైథాన్ అనే హాస్య బృందం 1971లో వేసిన పుస్తకంలోంచి తీసుకున్నారు. అందులో డ్రాబుల్ అంటే ఒక ఆట. ముందుగా ఎవరు నవల రాసి ముగిస్తే వాళ్లు గెలిచినట్టు. నవల రాసే తీరిక ఎవరికుంది అనుకుని వాళ్లు వంద మాటలకు దిగారు. మా సంగతీ అదే.

తెలుగులో వంద మాటలంటే ఇంగ్లీషు వందకన్నా ఎక్కువ చోటు. 'కొనుక్కొచ్చుకున్నాడట' అన్నది మనకు ఒక్క మాట. అదే ఇంగ్లీషులో చెప్పాలంటే ఐదారు మాటలు కావాలి. అందుకని మాలో మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మామూలుగా విడిగా రాసే మాటలను లెక్క కుదరడానికి అతికించకూడదు. లెక్క తప్పితే కథను సరిచేయాలి గానీ ఖాళీలను మింగకూడదు.

ఇప్పుడు చెప్పబోయేది ఒక్క కథ సంగతి. దాన్ని ఐదుసార్లు రాశాం. ఆ ఐదుసార్లలో మాకు తెలిసొచ్చింది ఒకటే. ఆఖరి వాక్యంలో కథ తిరగాలంటే, ఆ తిరిగే ఇరుసు మొదట్లోనే బిగించి ఉండాలి. బిగించినట్టు కనపడకూడదు.

మొదటిసారి రాసింది ఇదీ. పింఛను కౌంటరు ముందు ఒక అవ్వ. వేలిముద్ర మిషన్ దగ్గర గుమాస్తా "అవ్వా, వేలు పెట్టు" అంటాడు. అవ్వ కదలదు. ఆయన మళ్లీ అంటాడు, అవ్వ మళ్లీ కదలదు. చివరికి అవ్వ అంటుంది: "వేలు ఇచ్చేటోనివి నువ్వు. నన్ను పెట్టుమంటవేంది?" వేలు అంటే చేతి వేలు, వేలు అంటే వేల రూపాయలు. మాకు తెగ నవ్వొచ్చింది. బస్సులో పక్క సీటువాళ్లకు చెబితే వాళ్లూ నవ్వారు.

ఆదివారం ఇంటి ముందు కూర్చుని దాన్ని చదివాం. మాలో ఒకరి యాడి అక్కడే ఉల్లిగడ్డలు ఏరుతున్నది. ఆమె ఒకరిని కన్నా, మా ముగ్గురికీ యాడే. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ కథ విషయం కదా అని గోర్ బోలిలో మళ్లీ చెప్పాం. చెబుతూ చెబుతూ ఆఖరికి వచ్చేసరికి నోరు ఆగిపోయింది. మా బోలిలో చేతి వేలికి ఒక మాట, వెయ్యికి ఇంకో మాట. రెండూ ఎక్కడా కలవవు. నవ్వు రావాల్సిన చోట ఏమీ లేదు.

మేము తెలుగు మాట విడమరిచి చెప్పాం. యాడి తలూపింది, నవ్వలేదు. కాసేపాగి అడిగింది: "బేటా, ముసలామెకు మాట అర్థం కాలేదని నవ్విండ్రా మీరు? నాకు అర్థం కాకపోతే గూడ ఇట్లనే నవ్వుతరా?"

జవాబు దొరకలేదు. రెండు తప్పులు ఒకేసారి కనపడ్డాయి. ఒకటి, మేము నవ్వింది ఎవరి మీద అన్నది. ఇంగ్లీషు రాదని మమ్మల్ని కంపెనీ గేటు దగ్గర ఎవరైనా నవ్వితే మాకెట్లా ఉంటుందో అదే పని మా ఇంటి మనిషికి చేశాం. రెండోది, అది మెలిక కాదు, మాటల గారడీ. ఒకే శబ్దానికి రెండు అర్థాలు కుదరడం భాష ఇచ్చిన కానుక, కథ సంపాదించుకున్నది కాదు. భాష మారితే అది పోతుంది. కథ లోపలి సంగతి మీద నిలిచిన మెలిక ఏ భాషలో చెప్పినా నిలుస్తుంది. అప్పటినుంచి మాకిది మొదటి పరీక్ష అయింది. రాసిన కథను గోర్ బోలిలో చెప్పి చూస్తాం. నవ్వు దాటి వస్తే ఉంచుతాం.

రెండోసారి అవ్వను గెలిపిద్దాం అనుకున్నాం. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2019లో వెయ్యి రూపాయల నుంచి 2,016 రూపాయలకు పెరిగింది. ఆ పదహారు మీద మాకు కన్ను పడింది. మా గుమాస్తా కల్పించిన మనిషి. నాలుగు ఐదువందల నోట్లు చేతిలో పెట్టి, చిల్లర సంగతి మరిచిపోయినట్టు ఉంటాడు. అవ్వ పదహారు అడుగుతుంది. "నీకు లెక్కలెట్లా వచ్చు?" అని అతను నోరు తెరిస్తే, "రాత్రిబడికి పోతున్న బిడ్డా" అంటుంది. కథ అయిపోయింది.

ఈసారి విన్నవాళ్లు నవ్వలేదు, "అవునా?" అన్నారు. అది చాలా చెడ్డ గుర్తు. మెలిక తర్వాత విన్నవాడి నోట "అరె!" రావాలి. "అవునా" వచ్చిందంటే కొత్త సమాచారం విన్నట్టు. రాత్రిబడి ఆఖరి వాక్యంలోనే మొదటిసారి వచ్చింది. అంతకుముందు దాని నీడ కూడా లేదు. అవ్వ రాత్రిబడికి పోతుంది అన్నా, అవ్వ మనవడు కలెక్టరు అన్నా ఒకటే. ఏదైనా అతికేది. ఏదైనా అతికే చోట ఏదీ అతికినట్టు కాదు.

మూడోసారి ఆ తప్పు దిద్దబోయి ఇంకో వైపు పడ్డాం. మొదటి వాక్యమే ఇట్లా రాశాం: రాత్రిబడికి పోయే అవ్వ పొద్దున్నే పింఛనుకు వచ్చింది. చదవగానే తండా పిల్లల్లో ఒకడు, ఐదో తరగతి వాడు, గుమాస్తా నోట్లు లెక్కపెట్టకముందే అరిచేశాడు: "అవ్వ పైసలు లెక్కపెడతది!" ఇక మిగిలిన అరవై మాటలు వాడి ముందు చదవడం మాకే సిగ్గనిపించింది.

వాడెందుకు పట్టేశాడో ఆలోచిస్తే తెలిసింది. ఆ వాక్యంలో రాత్రిబడి అన్న మాటకు ఇంకే పనీ లేదు. వంద మాటల కథలో పని లేని మాట ఉండదని చదివేవాళ్లకు తెలుసు. పెద్ద నవలలో గోడ రంగు చెప్పినా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ గోడ రంగు చెబితే, ఆ గోడ కూలుతుందేమో అని చూస్తారు. చిన్న కథలో ఆనవాలు దాచడం ఇందుకే కష్టం. పొడుపు కథలో గుర్తులన్నీ ముందే బయట పెడతారు, విప్పమని సవాలు చేస్తారు. నవ్వు కథలో సవాలు చేస్తున్నట్టు తెలియకూడదు.

అంటే ఆనవాలు ఉన్నచోట ఊరికే ఉండకూడదు. అక్కడ దానికి వేరే పని ఇవ్వాలి. చదివేవాడు ఆ పని చూసి, ఇది ఇందుకే వచ్చింది అనుకుని ముందుకు పోవాలి.

అట్లాంటి పని ఉన్న వస్తువు ఏదా అని వారం రోజులు వెతికాం. అది మా ఇంట్లోనే దొరికింది. ఒక సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చేసరికి యాడి కుడిచేతి వేళ్లు తెల్లగా ఉన్నాయి. "ఆకువక్క మానమన్నం గదా, మళ్లీ సున్నం ముట్టినవా?" అని కోప్పడ్డాం. యాడి ఏమీ అనకుండా తలుపు వెనక్కి చెయ్యి చూపింది. అక్కడ చాక్‌పీసుతో గీతలు. పాలవాడికి రోజూ పోసే పాల లెక్క. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. పాలవాడు పోయిన నెల రెండు రోజుల పాలు తక్కువ కట్టాడట. ఆమె ఆ గీతలే చూపించి వసూలు చేసింది. ఆమె ఏ బడికీ పోలేదు, రాత్రిబడికైనా సరే. చాక్‌పీసు మాత్రం మా పిల్లల సంచిలోంచి తీసుకుంది.

తెలుపు చూశాం, సున్నం అనుకున్నాం. చూసింది తప్పు కాదు, అనుకున్నది తప్పు. మాకు కావాల్సిన ఆనవాలు అదే. తెలుపు అందరికీ కనపడుతుంది. దాన్ని సున్నం అనుకోవడానికి కారణమూ ఉంది, ముసలామె, ఆకువక్క. పైగా వేలు తెల్లగా ఉంటే వేలిముద్ర మిషన్ తీసుకోదు. కథలో దానికి పని దొరికింది.

నాలుగోసారి రాసింది దాదాపు కుదిరింది. కానీ కథ చెప్పేవాళ్లుగా మేమే ఒక వాక్యం రాశాం: అవ్వ వేలికి సున్నం అంటుకుంది. ఆఖర్లో అది చాక్‌పీసు అని అవ్వ చెప్పింది. ఇది విని యాడి వెంటనే పట్టుకుంది. "ముందు సున్నం అని మీరే చెప్తిరి, ఇప్పుడు కాదని మీరే అనబడ్తిరి. అబద్ధం చెప్పింది గుమాస్తానా, మీరా?"

అది మామూలు ప్రశ్న కాదు. కథలో మనుషులు పొరబడవచ్చు, అబద్ధం ఆడవచ్చు, తొందరపడి మాట అనవచ్చు. కథ చెప్పే గొంతు మాత్రం అబద్ధమాడకూడదు. అది దాచవచ్చు, చెప్పకుండా ఊరుకోవచ్చు, వేరే వైపు చూపు తిప్పవచ్చు. లేనిదాన్ని ఉందని అంటే మాత్రం చదివేవాడు మోసపోయాననుకుంటాడు. మోసపోయినవాడు నవ్వడు. అందుకని తెలుపును, సున్నాన్ని విడదీశాం. తెల్లగుంది అన్నది నిజం. సున్నం అన్నది గుమాస్తా ఊహ. రెండూ గుమాస్తా నోట్లోనే పెట్టాం. మేము పక్కకు తప్పుకున్నాం.

ఐదోసారి నిలిచిన కథ ఇది. సరిగ్గా వంద మాటలు.

పింఛను కౌంటరు ముందు పొద్దున్నే వరుస పెరిగింది. అవ్వ వంతు వచ్చింది. బొటనవేలు పెట్టింది. మిషన్ ఎర్రలైటు చూపింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రలైటే.

"వేలంతా తెల్లగుంది. ఆకువక్క ఆపవా అవ్వా? సున్నం కడుక్కొని రాపో!" గుమాస్తా విసుక్కున్నాడు. వరుసంతా పకపకా నవ్వింది.

అవ్వ కుళాయి దగ్గర చెయ్యి కడుక్కొని కొంగుకు తుడుచుకొని వచ్చింది. ఈసారి పచ్చలైటు వెలిగింది.

"చూసినవా? మిషన్‌కు కూడా శుభ్రం కావాలె," అన్నాడు గుమాస్తా.

నాలుగు ఐదువందల నోట్లు చేతిలో పెట్టాడు. "ఇగ నడువు. తర్వాతోళ్లు రండి."

అవ్వ అక్కడినుంచి కదల్లేదు.

"ఇంకేంది?"

"రెండువేల పదహారు గదా బిడ్డా. ఇంకా పదహారు రావాలె."

గుమాస్తా కలం కిందపడింది. ఇన్నేళ్లలో ఆ పదహారు రూపాయలు ఎవరూ అడగలేదు.

"వేలిముద్ర మనిషివి. ఈ లెక్క నీకెవరు చెప్పిండ్రు?"

అవ్వ కడిగిన వేలు పైకెత్తి చూపింది.

"ఇందాక కడిగింది సున్నం కాదు బిడ్డా, చాక్‌పీసు. రాత్రిబడి హోంవర్కు చేసొచ్చిన. మొత్తం తీసివేతలే."

ఇప్పుడు దీన్ని విప్పి చూద్దాం. తెల్లగుంది అన్నది ఇరవయ్యో మాట. చాక్‌పీసు తొంభై ఐదో మాట. మధ్యలో డెబ్బై నాలుగు మాటలున్నాయి. ఆనవాలు కథ మొదటి నాలుగో వంతులో పడితే మాకు బాగా కుదురుతుంది. అప్పటికి చదివేవాడు ఇంకా స్థలం, మనుషులు పోల్చుకునే పనిలో ఉంటాడు. ఏది ముఖ్యమో తేల్చుకోడు. అదే తెలుపును డెబ్బయ్యో మాట దగ్గర పెడితే, అప్పటికే ఏదో రాబోతోందని వాడు చెవులు నిక్కబొడుచుకుని ఉంటాడు, దొరికిపోతాం.

దగ్గర పెడితే దొరకడం ఎంత నిజమో, దూరం పెడితే మరిచిపోవడం అంత నిజం. అందుకే మధ్యలో దాన్ని రెండుసార్లు మెల్లగా తట్టాం. అవ్వ చెయ్యి కడుక్కోవడం ఒకసారి, గుమాస్తా శుభ్రం గురించి నీతి చెప్పడం ఇంకోసారి. వాటిలో తెలుపు మాట లేదు గానీ వేలు గుర్తుంటుంది. చెయ్యి కడగడం ఇంకో పని కూడా చేసింది. ఆనవాలును నీళ్లతో కొట్టుకుపోయేలా చేసింది. మిషన్ పనిచేసింది, ఆ సంగతి తేలిపోయింది అని చదివేవాడు దాన్ని మూసేస్తాడు. మూసేసినదాన్ని ఆఖరి వాక్యం తెరుస్తుంది.

ఆనవాలు పక్కనే నవ్వు పెట్టాం. వరుసంతా నవ్వింది. చదివేవాడు కూడా అక్కడ కొంచెం నవ్వుకుంటాడు. నవ్విన చోట మనిషి అనుమానించడు. ఆ తెలుపు నవ్వించడానికే వచ్చింది అనుకుంటాడు. నవ్వు కథలకు ఈ వసతి ఉంది, ఏడుపు కథలకు లేదు. ఆనవాలును చిన్న నవ్వు వెనక దాచి, అదే ఆనవాలుతో పెద్ద నవ్వు రప్పించవచ్చు. పైగా ఈ కథలో మొదటి నవ్వు అవ్వ మీద. ఆఖరి నవ్వు మొదట నవ్వినవాళ్ల మీద. వరుసలో ఉన్నవాళ్లు, గుమాస్తా, వాళ్లతో కలిసి నవ్విన చదువరి, రాసిన మేము కూడా. యాడి అడిగిన ప్రశ్నకు మేము చెప్పుకోగలిగిన జవాబు ఇదే.

ఆఖరి మాట ఏదన్నదీ ముఖ్యమే. ముందు మేము 'రాత్రిబడిల ఇప్పుడు తీసివేతలు నడుస్తున్నయ్' అని ముగించాం. అప్పుడు ఆఖరి మాట 'నడుస్తున్నయ్' అయింది. దానికి బరువు లేదు. తెలుగులో క్రియ వాక్యం చివరికి వచ్చి కూర్చుంటుంది కాబట్టి కొసమెరుపు మాట తరచూ దాని ముందే పేలిపోయి, క్రియ పొగలాగా మిగులుతుంది. క్రియ లేని చిన్న వాక్యంతో ముగిస్తే ఈ చిక్కు తప్పుతుంది. మొత్తం తీసివేతలే. ఆ ఒక్క మాటకే రెండువేల పదహారులోంచి రెండువేలు పోతే పదహారు అన్న లెక్క, గుమాస్తా చేతివాటం రెండూ తగులుతాయి. దాని తర్వాత వివరం ఇవ్వలేదు. ఇస్తే చచ్చిపోయేది.

హోంవర్కు అన్న మాట ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. నాలుగో రాతలో అవ్వ రాత్రిబడిలో చాక్‌పీసు ముట్టింది అని ఉంది. గోదాములో పనిచేసే మాలో ఒకరు అడిగారు, రాత్రి అంటిన చాక్‌పీసు పొద్దుటిదాకా ఉంటుందా, ముఖం కడగదా, వంట చేయదా అని. నిజమే. ఆనవాలు కథలో కుదిరితే చాలదు, మామూలు బతుకులోనూ కుదరాలి. పొద్దున్నే ఇంట్లో కూర్చుని హోంవర్కు చేసిందంటే తెలుపు తాజాగా ఉంటుంది. ముసలామె హోంవర్కు చేయడం తనంత తానే చిన్న నవ్వు. ఒక్క మాటతో రెండు పనులు జరిగాయి.

ఆనవాలు న్యాయంగా ఉందో లేదో తెలుసుకోవడానికి మేము చేసే పరీక్ష సులువైనది. ఆఖరి వాక్యం చదివాక మళ్లీ మొదటినుంచి చదువుతాం. రెండోసారి చదివేటప్పుడు ఏ వాక్యమూ అబద్ధం కాకూడదు, ఒక్క వాక్యమైనా అర్థం మారాలి. 'వేలంతా తెల్లగుంది' మొదటిసారి ఆకువక్క అలవాటు, రెండోసారి చదువు. వాక్యం మారలేదు, అర్థం మారింది. అట్లా మారే వాక్యం ఒక్కటీ లేకపోతే ఆనవాలు నాటలేదన్నమాట. చాలా వాక్యాలు మారితే మరీ ఎక్కువ నాటామన్నమాట. వంద మాటల్లో ఒక ఆనవాలు చాలు.

ఇది కొత్త విద్య కాదు. గురజాడ అప్పారావు గారు 1910లో రాసిన 'దిద్దుబాటు' చూడండి. భోగం మేళాలకు మరిగి రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన గోపాలరావుకు గదిలో భార్య కమలిని కనపడదు. ఉత్తరం రాసి వెళ్లిపోయింది అనుకుంటాడు. పశ్చాత్తాపపడి, నౌకరును ఆమె కోసం పంపబోతాడు. ఆఖర్లో మంచం కిందనుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది. ఆనవాలు ఎక్కడుంది? కథ మొదట్లోనే అతను అగ్గిపుల్ల వెలిగించి మంచం మీద చూస్తాడు, ఆమె లేదు. చెప్పే గొంతు అబద్ధమాడలేదు. మంచం మీద లేదన్నది నిజం. మంచం మీద అన్న మాట మన చూపును పైన ఆపేసింది, కిందికి పోనీయలేదు. ఆ మంచం కథ పొడవునా ఆ గదిలోనే ఉంది. మేము తెలుపుతో చేసింది, ఆయన మంచంతో చేశారు. అది వంద మాటల కథ కాదు, ఇంకా పెద్దది. ఇరుసు మాత్రం అదే.

తెలుగులో ఇంకో దాపరికం సులువుగా దొరుకుతుంది, దానితో జాగ్రత్త కూడా అవసరం. తెలుగులో 'వచ్చింది' అంటే అమ్మాయి కావచ్చు, బర్రె కావచ్చు, బస్సు కావచ్చు. కాబట్టి రోజూ ఆరింటికి వస్తుంది, ఆలస్యమైతే ప్రాణం ఊరుకోదు, నిన్న నన్ను చూసి కూడా ఆగకుండా పోయింది అని రాసుకుంటూ పోయి, ఆఖర్లో అది కంపెనీ బస్సు అనవచ్చు. మేమూ మొదట్లో ఇట్లాంటివి పది దాకా రాశాం. ఇందులో ఆనవాలు క్రియలోనే ఉంటుంది, వేరే నాటక్కర్లేదు. కానీ ఎక్కడైనా 'ఆమె' అని జారితే అబద్ధం అవుతుంది. ఎక్కడా పేరు లేకుండా, ఆమె అనకుండా కథ నడుస్తుంటే ఇట్లాంటివి నాలుగు చదివినవాడు ఐదోదాన్ని మూడో వాక్యంలోనే పట్టేస్తాడు. దాచడమే దాన్ని బయటపెడుతుంది. అవ్వ కథలో ఏదీ దాచలేదు, తెలుపు నడి వెలుతురులో ఉంది. అందుకే అది ఎక్కువ కాలం నిలిచింది అనుకుంటాం.

కొండాపూర్‌లో మ్యూజియం ఉంది. 1940ల మొదట్లో నిజాం రాజ్య పురావస్తు శాఖ అక్కడి దిబ్బలు తవ్వితే శాతవాహనుల నాణేలు, మట్టి బొమ్మలు, పూసలు బయటపడ్డాయి. చిన్నప్పుడు మేకలు తోలుకుని అటు పోయినప్పుడు వాన వెలిశాక మట్టిలో పెంకులు మెరుస్తుంటే చూసేవాళ్లం. కాలితో తన్నుకుంటూ పోయేవాళ్లం. తర్వాత బడివాళ్లు మ్యూజియానికి తీసుకుపోతే అద్దాల వెనక అట్లాంటి పెంకులే కనపడ్డాయి. చూశాం గానీ అడగలేదు అని అప్పుడు తెలిసింది. మంచి ఆనవాలు లోతుగా పాతిపెట్టింది కాదు. కాలికి తగిలిన పెంకులాంటిది. తర్వాత ఎవరో చెబితే, అయ్యో దీన్ని నేను చూశాను గదా అనిపించాలి.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ఐదోసారి కథ యాడికి చెప్పినప్పుడు ఆమె నవ్వింది. రెండోసారి చెప్పమంటే చెప్పాం, చిరునవ్వే వచ్చింది. మూడోసారి అడగలేదు. మెలిక ఒక్కసారే పేలుతుంది. కథ మళ్లీ మళ్లీ వినాలంటే మెలిక తెలిసిపోయాక కూడా అందులో చూడదగ్గ మనిషి మిగలాలి. చెయ్యి కడిగి కొంగుకు తుడుచుకుని, నవ్విన వరుస ముందు మళ్లీ నిలబడ్డ అవ్వ మిగులుతుందేమో అని మా ఆశ. మేము రాసిన బస్సు కథల్లో మాత్రం మిగలడానికి ఎవరూ లేరు.

ఈ కథను ఈ పుస్తకానికి పంపేముందు యాడి ఒప్పుకోలు అడిగాం. ఆమె ఆలోచించి ఒక్క మార్పు చెప్పింది. అవ్వ రాత్రిబడికి పోయినట్టు రాశారు, నేను పోలేదు గదా అంది. కథలో అవ్వ వేరే, నువ్వు వేరే అన్నాం. "చాక్‌పీసు మాత్రం నాదే గదా," అంది.

అవును, ఆమెదే. తలుపు వెనక ఈ నెల గీతలు ఇప్పటికి పద్దెనిమిది.